చీర ఒకటి, బిల్లులు రెండు

ఆషాఢం ఆఫర్ల రోజులు. మంగళగిరిలో ఒక చీరల దుకాణం అనుకుందాం. గల్లా పక్కన కంప్యూటర్లో ట్యాలీ ఉంది. దుకాణానికి వూకామర్స్‌తో కట్టిన వెబ్‌సైట్ ఉంది. రెండింటినీ కలుపుతూ ఒక కనెక్టర్ ఉంది. ఈ కనెక్టర్ చేసేది ఒకటే పని. పావుగంటకోసారి ట్యాలీలో ఏ సరుకు ఎంతుందో చూసి, ఆ అంకెను తీసుకెళ్లి వెబ్‌సైట్‌లో రాస్తుంది. ఆన్‌లైన్ ఆర్డర్లకు బిల్లులు మాత్రం సాయంత్రం రద్దీ తగ్గాక గుమాస్తా తీరిగ్గా కూర్చుని కొడతాడు. చిన్న దుకాణాల్లో తరచూ కనిపించే ఏర్పాటే ఇది.

నిజాం బార్డరున్న ఆకుపచ్చ నూలు చీరలు ఆరున్నాయి. ఉదయం 10 గంటలకు ట్యాలీలోనూ 6, వెబ్‌సైట్‌లోనూ 6. 10:04కి హైదరాబాద్ నుంచి ఒకావిడ వెబ్‌సైట్‌లో రెండు చీరలు కొన్నారు. అక్కడ అంకె 4కి దిగింది. 10:07కి దుకాణానికి వచ్చిన ఒక కుటుంబం తోడికోడళ్లకని అవే చీరలు మూడు తీసుకుంది. ట్యాలీలో అంకె 3కి దిగింది. నిజానికి ఇప్పుడు అమ్మడానికి మిగిలింది ఒక్క చీరే. కానీ ఆ మాట రెండు చోట్లా లేదు. ఒకచోట 4 ఉంది, ఇంకోచోట 3 ఉంది.

10:15కి కనెక్టర్ లేచింది. ట్యాలీలో 3 చూసింది, వెబ్‌సైట్‌లో 4 చెరిపి 3 రాసింది. 10:40కి, అంటే డాలస్‌లో అర్ధరాత్రి దాటాక, అక్కడున్న ఒకాయన పెళ్లివారికి పంపడానికని ఆ మూడూ కొనేశారు. వెబ్‌సైట్‌లో సున్నా పడింది. ఆరు చీరలకు ఎనిమిది అమ్మకాలు అయ్యాయి. పోనీ అక్కడితో ఆగిందా అంటే, లేదు. 10:45కి కనెక్టర్ మళ్లీ లేచింది. ట్యాలీలో ఇంకా 3 ఉంది కదా, సున్నా చెరిపి మళ్లీ 3 రాసింది. సాయంత్రం గుమాస్తా బిల్లులు కొట్టేదాకా ఆ లేని చీరలు అమ్ముడవుతూనే ఉంటాయి. కొట్టాక ట్యాలీలో మైనస్ 2 కనిపిస్తుంది. అప్పుడు మొదలవుతాయి ఫోన్లు.

“ఏవండీ, డబ్బులు కట్టించుకుని ఇప్పుడు చీర లేదంటారేంటండీ?”

ఈ మొత్తం కథలో ఎవరూ తప్పు చేయలేదు. గుమాస్తా బిల్లు సరిగ్గానే కొట్టాడు, వెబ్‌సైట్ లెక్క సరిగ్గానే తగ్గించింది, కనెక్టర్ చెప్పిన పని చెప్పిన వేళకు చేసింది. పొరపాటు ఏర్పాటులోనే ఉంది.

ఇలాంటిది జరిగితే యజమానికి ముందుగా తట్టే ఆలోచన ఒకటుంది. పావుగంట మరీ ఎక్కువ, నిమిషానికోసారి పెట్టించేద్దాం అని. కనెక్టర్లు అమ్మేవాళ్లు కూడా ఆ మాటకే ఎక్కువ ధర చెబుతారు. కానీ పై లెక్కనే నిమిషం కనెక్టర్‌తో నడిపి చూడండి. 10:04కి వెబ్‌సైట్‌లో రెండు చీరలు అమ్ముడై అంకె 4 అయింది. 10:05కి కనెక్టర్ లేచి, ట్యాలీలో ఉన్న 6ను తెచ్చి ఆ 4 మీద రాసేసింది. పావుగంట పద్ధతిలో హైదరాబాద్ ఆవిడ కొన్న రెండు చీరలు పదకొండు నిమిషాలైనా లెక్కలో ఉన్నాయి. ఇప్పుడు నిమిషంలోనే చెరిగిపోయాయి. వేగం పెరిగింది, తప్పు కూడా అంతే వేగంగా పడుతోంది.

రైలు టికెట్ల సంగతి చూస్తే తేడా తెలుస్తుంది. ఐఆర్‌సీటీసీ 2002 ఆగస్టులో ఇంటర్నెట్ టికెట్లు మొదలుపెట్టినప్పటి నుంచి, విజయవాడ స్టేషన్ కౌంటరులో నిలబడినవాళ్లూ ఇంట్లో ఫోన్ పట్టుకున్నవాళ్లూ బెర్తును అడిగేది ఒకే రిజర్వేషన్ లెక్కని. కౌంటరుకొక పుస్తకం, వెబ్‌సైట్‌కొక పుస్తకం లేవు. చివరి బెర్తుకు ఇద్దరు ఒకేసారి ఎగబడినా లెక్క ఒక్కరికే ఇచ్చి రెండోవారిని వెయిటింగ్ లిస్టుకు పంపుతుంది. దుకాణానికి అలాంటి ఏర్పాటు లేకపోలేదు. కౌంటరు బిల్లు కూడా వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్‌లోనే కొట్టేస్తే లెక్క ఒక్కటే అవుతుంది. షాపిఫై లాంటివాళ్లు అందుకోసమే కౌంటరు బిల్లింగ్ యాప్ కూడా ఇస్తారు. అయితే దుకాణం పదిహేనేళ్ల ఖాతాలు ట్యాలీలో ఉంటాయి, జీఎస్టీ రిటర్నులు వేసే ఆడిటరు ట్యాలీ ఫైలే అడుగుతాడు, ఇంటర్నెట్ పోయినా కౌంటరులో బిల్లు ఆగకూడదు. అందుకే చాలామంది రెండు పుస్తకాలతోనే బతుకుతారు. అది తప్పేమీ కాదు. కాకపోతే ఏ అంకె ఎక్కణ్నుంచి ఎక్కడికి వెళ్లాలో ముందే తేల్చుకోవాలి.

ట్యాలీలో ఉన్న అంకె బీరువాలో ఎన్ని చీరలున్నాయో చెబుతుంది. వెబ్‌సైట్‌లో ఉండాల్సిన అంకె ఇంకా ఎన్ని అమ్మొచ్చో చెప్పాలి. ఈ రెండూ ఒకటి కావు. ఒకదాన్ని తీసుకెళ్లి రెండోదాని చోట రాయడమే మన కథలో జరిగిన అనర్థం. రాయాల్సిన లెక్క ఇది:

వెబ్‌సైట్ అంకె = ట్యాలీ నిల్వ − డబ్బు కట్టినా ఇంకా బిల్లు కాని ఆన్‌లైన్ ఆర్డర్లు − ఎవరికోసమో పక్కన పెట్టినవి

దీంతో ఆ ఉదయాన్ని మళ్లీ నడుపుదాం. 10:15కి ట్యాలీలో 3, బిల్లు కాని ఆన్‌లైన్ చీరలు 2. మూడులోంచి రెండు తీసేస్తే ఒకటి. వెబ్‌సైట్‌లో 1 పడింది. 10:40కి డాలస్ ఆయనకు ఒక్క చీరే దొరికింది, మిగతా రెంటికి ఆయన వేరే రంగు చూసుకున్నారు. 10:45కి మూడులోంచి మూడు పోయి సున్నా. సాయంత్రం బిల్లులు కొట్టాక ట్యాలీలోనూ సున్నా. కనెక్టర్ వేగం మారలేదు, పావుగంటే. లెక్క మాత్రం నిలబడింది.

ట్యాలీలో దీనికి కొత్త సరంజామా ఏదీ అక్కర్లేదు. సేల్స్ ఆర్డర్ అనే వోచర్ ఎప్పటినుంచో ఉంది. ఆర్డరు రాసినంత మాత్రాన నిల్వ తగ్గదు కానీ, ఫలానా సరుకులో ఇన్ని పీసులు ఇంకా ఇవ్వాల్సి ఉంది అని ట్యాలీ గుర్తుపెట్టుకుంటుంది. ఆన్‌లైన్ ఆర్డరు వచ్చిన వెంటనే కనెక్టర్ దాన్ని సేల్స్ ఆర్డరుగా ట్యాలీలో ఎక్కిస్తే చాలు, సాయంత్రం బిల్లు ఎప్పుడు కొట్టినా ఫర్వాలేదు. ఇక్కడ ఒక్క జాగ్రత్త ఉంది. బిల్లు కొట్టేటప్పుడు ఆ ఆర్డరు నంబరును బిల్లులో చూపాలి. చూపకపోతే చీర వెళ్లిపోయినా ఆర్డరు పెండింగులోనే ఉండిపోతుంది, అదే చీర లెక్కలోంచి రెండుసార్లు తగ్గుతుంది. ఈ జబ్బు లక్షణం తిరగబడి ఉంటుంది: బీరువాలో చీరలు కనిపిస్తుంటాయి, వెబ్‌సైట్ మాత్రం స్టాకు లేదంటుంది. లేని చీర అమ్మితే ఫోను వస్తుంది. ఉన్న చీర అమ్మకపోతే ఎవరూ ఫోను చేయరు, కాబట్టి ఈ రెండో నష్టం నెలల తరబడి తెలియదు. నెలకోసారి పెండింగు ఆర్డర్ల రిపోర్టు తీసి, పాత తేదీవి ఎందుకున్నాయో చూసుకోవడమే దీనికి మందు.

లెక్క సరిచేసినా ఒక సందు మిగులుతుంది. 10:07కి కౌంటరులో మూడు చీరలు బిల్లయ్యాయి. ఆ సంగతి వెబ్‌సైట్‌కు తెలిసేది 10:15కి. ఈ ఎనిమిది నిమిషాలూ వెబ్‌సైట్ 4 అనే చెబుతుంది, ఉన్నది ఒకటే. వేగం గురించి ఆలోచించాల్సింది ఇప్పుడు, లెక్క సరిగ్గా కుదిరాక. మంచి కనెక్టర్లు ఇక్కడ మొత్తం అంకెను మోయవు, కదలికను మోస్తాయి. ‘ఇప్పుడు 3 ఉన్నాయి’ అనకుండా ‘మూడు పోయాయి’ అంటాయి. వెబ్‌సైట్ తన దగ్గరున్న 4లోంచి మూడు తగ్గించి 1 చేసుకుంటుంది. వెబ్‌సైట్‌లో అమ్మకం అయితే ‘రెండు పోయాయి’ అన్న కబురు ఇటు వస్తుంది. ఎవరి అంకెనూ ఎవరూ చెరపరు.

కదలికకు రెండు బలహీనతలున్నాయి. కబురు ఒకటికి రెండుసార్లు వస్తే మూడు కాస్తా ఆరై తగ్గుతుంది. ఇంటర్నెట్‌లో ఇది మామూలే, అవతలివైపు నుంచి ‘అందింది’ అన్న జవాబు రాకపోతే పంపినవాడు మళ్లీ పంపుతాడు. అందుకే ప్రతి కబురుతోపాటు బిల్లు నంబరు వెళ్లాలి, ఆ నంబరు ఇంతకుముందే చూసి ఉంటే అవతలివాడు పక్కన పడేయాలి. రెండోది, కబురు దారిలోనే పోతే ఆ తేడా ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. వూకామర్స్‌లో అయితే ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆర్డరు వచ్చిందని కబురు పంపే వెబ్‌హుక్ వరసగా ఐదుసార్లు విఫలమైతే అది తనంతట తానే ఆగిపోతుంది. దుకాణంలో కరెంటు పోయి, కబురు అందుకోవాల్సిన కంప్యూటరు ఆగిపోయినంతలోనే ఇది జరిగిపోవచ్చు. కరెంటు వచ్చాక కంప్యూటరు లేస్తుంది, వెబ్‌హుక్ మాత్రం లేవదు. పైకి అంతా నడుస్తున్నట్టే ఉంటుంది. వూకామర్స్ సెట్టింగుల్లో Webhooks పేజీ తెరిచి, దాని పక్కన Active అని ఉందో Disabled అని ఉందో చూసే అలవాటు చాలా దుకాణాల్లో లేదు. ఉండాలి.

అందుకే పగలంతా కదలికలతో నడిపి, దుకాణం కట్టేశాక రాత్రి ఒక్కసారి పై లెక్క ప్రకారం మొత్తం అంకెలు సరిపోల్చడం మేలైన పద్ధతి. సరిపోల్చినప్పుడు ఏ సరుకు దగ్గర తేడా వచ్చిందో ఒక జాబితా కూడా తీయాలి. కనెక్టర్ ఆ తేడాలను గుట్టుచప్పుడు కాకుండా సరిచేసుకుపోతే, తేడా ఎందుకొస్తోందో ఎవరికీ తెలియదు.

పొద్దున్నే దుకాణం తెరిచినప్పటి వరస కూడా ఇందులో భాగమే. ట్యాలీ మామూలుగా దుకాణం కంప్యూటర్లో ఉంటుంది. కనెక్టర్ దానితో మాట్లాడాలంటే ట్యాలీ తెరిచి ఉండాలి, కంపెనీ లోడ్ అయి ఉండాలి. సాధారణంగా 9000 పోర్టు మీద ఆ సంభాషణ నడుస్తుంది. రాత్రి కంప్యూటరు ఆపేస్తే సంభాషణ ఆగుతుంది. రాత్రిపూట దీనివల్ల నష్టం లేదు, కౌంటరులో అమ్మకాలుండవు కదా, వెబ్‌సైట్ తన అంకె తాను తగ్గించుకుంటుంది. చిక్కంతా పొద్దున వస్తుంది. ట్యాలీ తెరవగానే కనెక్టర్ ముందుగా అంకెలు పంపిందంటే, రాత్రంతా అమెరికా నుంచి వచ్చిన ఆర్డర్లు దాని లెక్కలో లేవు, వెబ్‌సైట్‌లో తగ్గిన అంకెలన్నీ మళ్లీ పైకి లేస్తాయి. ముందు రాత్రి ఆర్డర్లు లోపలికి రావాలి, తర్వాతే అంకెలు బయటికి వెళ్లాలి. కనెక్టర్ కొనేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఇది. విదేశాల్లోని తెలుగువాళ్లకు చీరలు అమ్మే దుకాణం తప్పకుండా అడగాల్సింది కూడా ఇదే, వాళ్ల బేరాలు సాగేది మనకు రాత్రి.

ఇప్పటిదాకా చెప్పిందంతా సాఫ్ట్‌వేర్ సంగతి. చీరల దుకాణంలో అసలు సందు కౌంటరు ముందు ఉంటుంది.

ఎవరైనా చీర కొనే తీరు చూడండి. అమ్మాయి బీరువాలోంచి చీర తీస్తుంది, మడత విప్పుతుంది. కొనేవాళ్లు భుజాన వేసుకుని అద్దంలో చూస్తారు, ఫోటో తీసి చెల్లెలికి వాట్సాప్‌లో పెడతారు, ఆ జవాబు కోసం కూర్చుంటారు. ఇంకో పది చీరలు విప్పిస్తారు. ఆఖరికి నాలుగు ఎంచుకుని బిల్లు కౌంటరుకు వస్తే అక్కడ వరస. ఆషాఢంలో అయితే చీర బీరువా దిగినప్పటి నుంచి బిల్లు పడేదాకా గంట పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ గంటసేపూ ట్యాలీ దృష్టిలో ఆ చీర బీరువాలోనే ఉంది, వెబ్‌సైట్ దాన్ని అమ్మకానికి చూపిస్తూనే ఉంది. కనెక్టర్ ఎంత వేగమైనదైనా ఇక్కడ చేయగలిగింది లేదు, బిల్లే పడలేదు కదా. అమ్మకాలు మందగించిన రోజున రాని ఈ తలనొప్పి పండగ రద్దీలోనే ఎందుకొస్తుందో కూడా దీంతో తెలుస్తుంది: బిల్లు వరస ఎంత పొడవైతే సందు అంత వెడల్పవుతుంది.

ఆరు పీసులున్న డిజైనుకు దీనికో తేలిక ఉపాయం ఉంది. వెబ్‌సైట్‌కు రెండు తక్కువ చేసి చెప్పడమే. వూకామర్స్‌లో Out of stock threshold అనే గడిలో 2 అని పెడితే, అంకె 2కి రాగానే వెబ్‌సైట్ స్టాకు లేదంటుంది. ఆ ఆఖరి రెండూ కౌంటరులో అమ్ముకోవచ్చు. అయితే ఒకేసారి మూడు నాలుగు పీసుల ఆర్డరు వస్తే ఈ కంచె దాటిపోతుంది. కాబట్టి కనెక్టర్ పంపే అంకెలోనే రెండు తగ్గించడం ఇంకా గట్టి పని.

మరి ఒక్కటే ఉన్న చీర సంగతేమిటి? ఉప్పాడ జమ్‌దానీలోనో గద్వాల పట్టులోనో ఒక రంగు, ఒక బుటా కలిసినది మళ్లీ దొరకదు. దానికి నిల్వ అంకె ఎప్పుడూ 1. రెండు తగ్గిస్తే వెబ్‌సైట్‌లో పెట్టడానికే లేదు. తగ్గించకపోతే కౌంటరు మీద విప్పిన ప్రతిసారీ జూదమే. ఇలాంటి చీరలకు సాఫ్ట్‌వేర్ కంటే బీరువా మంచి పరిష్కారం. ఆన్‌లైన్‌కు పెట్టిన ఒంటి పీసులను వేరే బీరువాలో పెట్టి, ట్యాలీలో దానికి వేరే గోడౌను సృష్టించి, వెబ్‌సైట్‌కు ఆ గోడౌను నిల్వ మాత్రమే పంపాలి. దుకాణానికి వచ్చినవాళ్లు వెబ్‌సైట్‌లో చూసి ఆ చీరే కావాలంటే ఇవ్వొచ్చు. అయితే చూపించడానికి తీసే ముందే వెబ్‌సైట్‌లో దాన్ని ఆపాలి, తీశాక కాదు. దీనివల్ల కౌంటరులో కొన్ని బేరాలు ఆలస్యమవుతాయి, కొన్ని తప్పిపోతాయి కూడా. పాతిక వేల పట్టుచీర అమ్మి, డబ్బు పుచ్చుకుని, లేదని చెప్పడంతో పోలిస్తే ఆ నష్టం చిన్నదే.

‘పక్కన పెట్టండి’ అన్న మాటకు కూడా లెక్కలో చోటుండాలి. పాత ఖాతాదారు ఫోన్ చేసి, “ఆ వంకాయరంగుది నాకుంచు బాబూ, ఆదివారం వస్తా” అంటే చీర మీద పేరు రాసిన చీటీ పెడతారు. చీటీ చీర మీద ఉంటుంది, కంప్యూటర్లో ఉండదు. దీన్ని కూడా సేల్స్ ఆర్డరుగా రాస్తే పై లెక్కలో తనంతట తానే తగ్గుతుంది. వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి అమ్మే దుకాణాలకు ఇది మూడో కౌంటరు, ‘ఈ చీర నాదే’ అని మెసేజ్ రాగానే ఆర్డరు పడాలి.

లెక్క సరిగ్గా ఉండి కూడా లేనిది అమ్మే ఇంకో దారి మంగళగిరిలోనే ఉంది. డ్రెస్సుల గుడ్డ. తాను నుంచి మీటర్ల లెక్కన కోసి అమ్ముతారు. ట్యాలీలో 4 మీటర్లు ఉందంటే వెబ్‌సైట్‌లో 4 పడుతుంది, ఎవరో ఒక సెట్టు కుట్టించుకోవడానికి 4 మీటర్లు ఆర్డరిస్తారు. తీసి చూస్తే అది 2.3 మీటర్ల ముక్కొకటి, 1.7 మీటర్ల ముక్కొకటి. కూడితే నాలుగే, కానీ కొన్నవాళ్లకు కావాల్సింది ఒకే గుడ్డ. ఏ కనెక్టరూ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే అంకె తప్పు కాదు. తాను ఫలానా పొడవుకంటే తగ్గగానే, ఐదు మీటర్లే అనుకోండి, మిగిలిన దాన్ని ఆ సరుకు లెక్కలోంచి తీసి కట్ పీసుల పేరుతో వేరే సరుకుగా రాసుకోవాలి. వెబ్‌సైట్‌లో ఆ ముక్కను దాని కొలతతోనే ఒంటి పీసుగా పెట్టొచ్చు.

కొనేవాళ్లు కూడా తెలుసుకోవాల్సింది ఒకటుంది. “కార్టులో పెట్టుకున్నాను కదా, ఎలా పోతుంది?” అన్న కోపం తరచూ వినిపిస్తుంది. వూకామర్స్‌లోనూ షాపిఫైలోనూ మామూలుగా కార్టులో పెట్టినంత మాత్రాన చీర మీది కాదు, ఇంకొకరు డబ్బు కడితే వెళ్లిపోతుంది. వూకామర్స్‌లో ఆర్డరు పెట్టి డబ్బు కట్టే దశకు వస్తే మాత్రం కొంతసేపు మీ పేరున ఆపుతుంది. ఎంతసేపన్నది Hold stock అన్న చోట నిమిషాల్లో ఉంటుంది, మొదట్లో 60 అని ఉంటుంది. ఆ గడువులో డబ్బు రాకపోతే ఆర్డరు రద్దయి చీర మళ్లీ అమ్మకానికి వస్తుంది. యూపీఐ దగ్గర దీంతో ఒక ఇరకాటం ఉంది. బ్యాంకు సర్వరు మొరాయించి, గడువు దాటాక డబ్బు పడిందనుకోండి, డబ్బున్న ఆర్డరు రద్దయిపోయి ఉంటుంది, చీర ఈలోగా ఇంకొకరికి పోయి ఉంటుంది. గడువు పెంచితే ఊరికే చూసిపోయేవాళ్లు ఒంటి పీసులను గంటలకొద్దీ బంధించేస్తారు. ఎటు చూసినా పూర్తి జవాబు లేదు. అరగంట నుంచి గంట లోపల పెట్టుకుని, రద్దయిన ఆర్డర్లకు డబ్బు వచ్చిందేమో పేమెంట్ గేట్‌వే జాబితాలో రోజూ సరిచూసుకోవడం ఉన్నంతలో నయం.

తిరిగొచ్చే పార్సిళ్ల సంగతీ ఇలాంటిదే. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టినవారు తలుపు తీయక చీర వెనక్కి బయల్దేరిందని కొరియరు నుంచి మెసేజ్ వస్తుంది. గుమాస్తా వెంటనే ఆ ఆర్డరును Cancelled చేస్తాడు. ఆ క్షణమే వూకామర్స్ అంకెను ఒకటి పెంచేస్తుంది. చీర ఇంకా లారీలో ఉంది, వెబ్‌సైట్‌లో అమ్మకానికి వచ్చేసింది. పార్సిలు చేతికొచ్చి, మడత విప్పి, మరక లేదని చూసుకున్నాకే ఆ బటన్ నొక్కాలి.

ఇంత చేసినా అప్పుడప్పుడు చేత్తో లెక్కపెట్టాల్సిందే. దుకాణం మొత్తం అక్కర్లేదు, వారానికి పది రకాలు, అదీ ఆ వారం ఎక్కువ కదిలినవి. కౌంటరు తెరవకముందు లెక్కపెట్టి, తేడా ఉంటే ట్యాలీలో ఫిజికల్ స్టాక్ వోచరుతో సరిచేయాలి. ఒక చిన్న ఉచ్చు ఉంది చూసుకోండి: ప్యాక్ చేసి కొరియరు కోసం పెట్టిన పార్సిళ్లలో బిల్లు కానివి ఉంటే వాటినీ కలిపి లెక్కించాలి. పై సూత్రం వాటిని ఎలాగూ తీసేస్తుంది, లెక్కలో కలపకపోతే రెండుసార్లు పోతాయి. నిల్వ జాబితాలో ఎక్కడైనా మైనస్ అంకె కనిపిస్తే దాన్ని ఆ రోజే పట్టుకోవాలి. మైనస్ పడిందంటే కొనుగోలు ఎక్కించకుండా అమ్మయినా ఉండాలి, ఒక చీర బదులు ఇంకో చీర కోడు కొట్టయినా ఉండాలి, లేదా లేనిదాన్ని అమ్మయినా ఉండాలి.

సొంత వెబ్‌సైట్‌లో లేని చీర అమ్మితే క్షమాపణ, రిఫండు, మహా అయితే గూగుల్‌లో ఒక చెడ్డ రివ్యూతో పోతుంది. అదే సరుకు అమెజాన్‌లోనూ పెట్టినవాళ్లకు అలా కాదు. పంపకముందే అమ్మకందారు రద్దు చేసే ఆర్డర్లు నూటికి 2.5 దాటకూడదని అమెజాన్ నియమం, దాటితే ఖాతాకే ముప్పు. వారానికి నలభై ఆర్డర్లు వచ్చే చిన్న అమ్మకందారుకు ఒక్క రద్దుతోనే సరిగ్గా 2.5 శాతం అయిపోతుంది.

కనెక్టర్ ఉన్న దుకాణదారులు ఈ వారమే ఒక పరీక్ష చేసి చూడండి. రెండే పీసులున్న ఏదైనా సరుకు తీసుకోండి. వెబ్‌సైట్‌లో మీరే ఒకటి ఆర్డరు పెట్టి, దానికి బిల్లు కొట్టకుండా వదిలేయండి. కనెక్టర్ రెండుసార్లు తిరిగేదాకా ఆగి వెబ్‌సైట్ చూడండి. 1 ఉంటే మీ లెక్క నిలిచినట్టే. మళ్లీ 2 కనిపిస్తే, శ్రావణం రద్దీ మొదలయ్యేలోపు కనెక్టర్ ఇచ్చినవారిని పిలిచి, బిల్లు కాని ఆర్డర్లను తగ్గించి పంపమని అడగండి. అది కుదరదంటే కనెక్టర్ మార్చండి.